ఎంగిలి జ్వరం

వెంకటలక్ష్మి ఇంట్లో గ్లాసు అంచు పెదవికి తగిలించి నీళ్లు తాగిన మనిషి లేడు. ప్రొద్దుటూరులో కాపురం ఉన్నప్పుడూ అంతే, ఖాజాగూడ చెరువు కనపడే ఈ పద్నాలుగో అంతస్తుకు వచ్చాకా అంతే. చుట్టాలు వస్తే వాళ్ల కళ్లు ఆమె మీద, ఆమె కళ్లు వాళ్ల మూతుల మీద. ఎత్తి పోసుకోవడం చేతకాని పట్నం పిల్లలు మీదంతా ఒలకబోసుకుని దగ్గుతూ పొలమారుతూ ఉంటే, ఒలికితే తుడుచుకోవచ్చు, ఎంగిలైతే ఏం పెట్టి తుడుస్తారు అనేది ఆమె మాట.

కొడుకు యశ్వంత్‌ని ఆ శుద్ధితోనే పెంచింది. పాలసీసా మూడుసార్లు మరగబెట్టాల్సిందే. పిల్లాడి మూతి మీద ముద్దు పెట్టబోయిన కన్నతండ్రిని, పెద్దన్న అనే పేరున్న తన మొగుణ్ణి, చీపురు చూపించి అవతలికి తోలింది. బడిలో పిల్లలు ఒకళ్ల డబ్బా ఒకళ్లు తింటారని రోజూ మధ్యాహ్నం తనే వెళ్లి, గేటు దగ్గర నిలబడి, కొడుక్కి తినిపించి వచ్చేది. తోటిపిల్లలు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, వాడికి ఏ జబ్బూ రాలేదు కదా అనేది.

అలాంటి కొడుకు పెద్దవాడై ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగంలో చేరాక ఏమయిందంటే, ఒకరోజు ఫోన్లో వీడియో చూపించాడు. ఆఫీసులో వాడి పుట్టినరోజు. ముందు కొవ్వొత్తులు ఊదాడు, తుంపర్లన్నీ కేకు మీదే. తర్వాత ఒకడు ఒక ముక్క తీసి వీడి నోట్లో పెట్టాడు, వీడు సగం కొరికాడు, మిగిలిన సగం వాడు తన నోట్లో వేసుకున్నాడు. ఆ వేళ్లతోనే ఇంకో ముక్క, ఇంకో నోరు. ఆఖరికి వీడి మొహానికంతా క్రీము పూస్తే, బుగ్గ మీద నుంచి వేలితో తీసి ఒకడు నాకాడు. వెంకటలక్ష్మి "ఛీ, ఛీ! కుక్కలు నయం రా! అవి వాటి విస్తరి అవి నాక్కుంటాయి" అని ఫోను మంచం మీదకు విసిరేసి, ఆ చేతులు సబ్బుతో కడుక్కుంది.

అదైనా ఓర్చుకునేదేమో. వాడు ఒక పిల్లను చూసుకున్నాడు. పేరు రసజ్ఞ. ఈ ఊరి పిల్లే. డాక్టరమ్మ. డాక్టరంటే నాడి పట్టుకుని, మాత్ర రాసి పంపే డాక్టరు అనుకుని వెంకటలక్ష్మి ముందు మురిసింది. తీరా ఆ పిల్ల భోజనానికి వచ్చిన రోజు, "నువ్వు ఏం డాక్టరమ్మీ?" అంటే, "ప్యాథాలజీ ఆంటీ. మనుషులను చూసుడు తక్కువ, రక్తం, కఫం, కోసి తీసిన గడ్డలు, గవన్నీ చూస్త" అంది. అంటూ అంటూ పప్పన్నం కలిపింది. పొద్దున చూసిన చీము సంగతి చెబుతూ ముద్ద నోట్లో పెట్టుకుంది. పైగా తినడం అయ్యాక యశ్వంత్ బాటిలు తీసి, మూతి పెట్టి, గడగడా తాగేసింది.

ఆ బాటిలు ఆ సాయంత్రమే చెత్తబుట్టలోకి పోయింది. పిల్ల చేతులు వెంకటలక్ష్మి కళ్ల ముందే ఉండిపోయాయి. గోళ్లు కత్తిరించుకుని, కడిగి కడిగి పాలిపోయిన చేతులు. అవి ఏమేం ముట్టాయో తలుచుకుంటే ఆమెకు అన్నం సహించలేదు. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా, "చూద్దాం లేరా" అని దాటేస్తూ వచ్చింది.

ఇదిగో, అలాంటి రోజుల్లోనే యశ్వంత్ మంచం ఎక్కాడు.

ముందు ఒళ్లునొప్పులన్నాడు. తర్వాత జ్వరం. తగ్గినట్టే తగ్గి సాయంత్రానికి మళ్లీ కాగేది. కనురెప్పలు ఉబ్బాయి, మెడకు రెండు పక్కలా ఉసిరికాయలంత గడ్డలు లేచాయి. గుటక మింగలేక ఉమ్మి నోట్లోనే నిలుపుకుని గిన్నెలో ఊసేవాడు. ఆ గిన్నె కడగాల్సింది ఎవరు? పనికి వచ్చే నీలమ్మ నానక్‌రామ్‌గూడ ఊరిమనిషి, నోరున్నది. ఆమె గిన్నె చూసి ముక్కు మూసుకుంది.

"నాతోని గాదమ్మా. నీ కొడుకు, నీ గిన్నె."

"జీతం తీసుకుంటాండావు కదే?"

"జీతం బోళ్లకు. గియి బోళ్లా?"

తనే కడిగింది. కడిగేటప్పుడు డోకు వచ్చింది, కన్నకొడుకు ఉమ్మికి డోకు వచ్చిందే అని ఏడుపూ వచ్చింది. ఒకసారి నోరు తెరవమని సెల్‌ఫోను లైటు వేసి చూసింది. ఎందుకు చూశానా అనిపించింది. గొంతుకు అటూ ఇటూ ఉండేవి రెండూ వాచి ఒకదానికొకటి ఆనుతున్నాయి. వాటి మీద నాలుగు రోజులు మూత తీయని పెరుగు మీద కట్టినట్టు బూడిదరంగు పొర. ఆ నోట్లోంచి వచ్చిన వాసన ముక్కులోంచి పోవడానికి ఆమె కర్పూరం వాసన చూడాల్సి వచ్చింది.

టవర్ కింద మందుల షాపు ఉంది. డాక్టరు దగ్గరికి పోతే రోజంతా కూర్చోవాలి, షాపువాడికి చెబితే నిమిషంలో ఇస్తాడు. ఈ చుట్టుపక్కల అందరి అలవాటూ అదే. గొంతు అని చెప్పగానే ఒక యాంటిబయాటిక్ బిళ్లల పట్టీ చేతిలో పెట్టాడు. అవి వేసుకున్న కొద్ది రోజులకు గొంతు తగ్గలేదు సరికదా, ఒళ్లంతా ఎర్రగా పేలింది. వీపు మీద, పొట్ట మీద, అరచేతుల్లో సహా, కందులు చల్లి అద్దినట్టు.

నీలమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. "అమ్మవారమ్మా! ఏపాకులు తెస్త. మాంసం వండకు, తల దువ్వుకోకు."

"మాంసం ఎవరు వండుతాండారే ఈడ? ముందు నువ్వు లోపలికి రా."

"నేనెందుకొస్త? ఇంట్ల నాకు మనమరాలున్నది."

అమ్మవారు కాదని వెంకటలక్ష్మికీ తెలుసు. కానీ ఆ ఎర్రదనం చూస్తుంటే, చెమటతో తడిసిన ఆ దుప్పటి మారుస్తుంటే, లోపల ఏదో కుళ్లిపోయి బయటికి కారుతున్నట్టే ఉంది. తను అంత కడిగి, కాచి, దాచి పెంచిన ఒళ్లు! అప్పుడిక ఇంటికే మనిషిని పిలిపించి రక్తం తీయించింది. దాన్ని ఏ ల్యాబుకు పంపాలంటే, యశ్వంత్ పీలగొంతుతో రసజ్ఞ పనిచేసే చోటి పేరు చెప్పాడు. ఆమె ఒప్పుకుంది, ఇష్టపడి కాదు, వాదించే ఓపిక లేక.

మధ్యాహ్నానికి రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. యంత్రం లెక్కపెట్టి పంపేసినది, మనిషి చూసి సంతకం పెట్టడానికి ముందే. తెల్లకణాలు ఉండాల్సినదానికి రెట్టింపు దాటాయి. వాటిలో మూడొంతుల్లో రెండొంతులు లింఫోసైట్లనే రకమట. కింద ఎర్ర అక్షరాల్లో, వింత కణాలున్నాయి, బ్లాస్టులు కావచ్చు, చూసుకోవాలి అని ఒక ప్రశ్న గుర్తు. యశ్వంత్ ఆ మాట పట్టుకుని నెట్‌లో వెతికాడు. చదివి, ఫోను దిండు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమైందిరా?"

"ఏంలేదుమా."

"చెప్తావా, నన్ను చదవమంటావా?"

"బ్లడ్ క్యాన్సర్ అని వస్తాంది."

వెంకటలక్ష్మి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. ప్లాట్లు చూపించడానికి శంకర్‌పల్లిలోనే మకాం పెట్టిన మొగుడికి ఫోను చేయబోయి చేయలేకపోయింది. ఒక్కగానొక్క కొడుకు. ఆ ఒక్క గంటలో ఆమె తలుచుకోని దేవుడు లేడు.

రసజ్ఞ అప్పుడే వచ్చింది. ఆస్పత్రి కోటు మడిచి సంచిలో కుక్కి, ఎక్కడో పరుగెత్తినట్టు ఆయాసపడుతూ వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"ఆంటీ, క్యాన్సర్ గాదు. మీరు ఫికర్ వెట్టుకోకండి. మా వెంకటరామయ్య సార్, నేను ఇద్దరం స్లైడ్ చూసినం. మెషిన్‌కు గా కణాలు తెల్వక ప్రశ్న గుర్తు వెట్టింది, గంతే."

"కాదా? నిజం చెప్పమ్మీ, నా మీద ఒట్టు."

"ఒట్టెందుకు? క్యాన్సర్ కణాలైతే ఒక్క అచ్చుల పోసిన ఇడ్లీల లెక్క అన్నీ ఒక్కతీరుగ ఉంటయి. ఇవి ఒక్కోటి ఒక్కో తీరుగున్నయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మెత్తగ, అంచులు నీలంగ. పక్కన ఎర్రకణం కనవడితే సాలు, దోసె పెనానికి అతుక్కున్నట్టు దాన్ని అంటుకుంటయి. ఇంకో పరీక్ష చేసినం, గుర్రం రక్తం తోని. ఈన రక్తం తగలంగనే గా గుర్రం కణాలు గడ్డలు గట్టినయి. మోనో అంటరు దీన్ని. వైరస్ జ్వరం. దానంతట అదే తగ్గుతది."

గుర్రం రక్తం అనగానే వెంకటలక్ష్మి మొహం ముడుచుకుంది. అయినా క్యాన్సర్ కాదన్న మాట ఒంట్లో చల్లగా దిగుతోంది. సోఫా చూపించింది. "మరి ఆ వింత కణాలేందమ్మీ? వైరస్ పురుగులా?"

"కాదాంటీ. గదే అందరు తప్పనుకుంటరు." రసజ్ఞ ముందుకు జరిగింది. "వైరస్ పొయి కూసునేది బి కణాలల్ల. రోగం వస్తే దాని మీదికి మందు తయారు చేసుడు గా కణాల పని. కావలివాని ఇంట్లనే దొంగ జొరబడ్డట్టు, వాటి కడుపుల దూరి, వాటినే పెంచుకుంటది. ఇగ టి కణాలని ఉంటయి, అవి చూసి ఊకుంటయా? ఒక్కటి వందయి, వంద లక్షలయి మీద వడుతయి. మీరు రిపోర్టుల చూసిన వింత కణాలు గవే, దొంగను సంపనీకి లేచినయి. దొంగ ఒక్కడు. గల్లీ మొత్తం కట్టెలు వట్టుకొని ఇంట్ల వడ్డది. పెంకులు పగులుడు, కుండలు పగులుడు, గల్లీవాళ్ల తొక్కుడుకే. జ్వరం, గొంతు వాపు, మెడల గడ్డలు, అన్నీ గా తొక్కుడే."

"మరి ఈ దద్దుర్లు?"

"షాపువాడిచ్చిన గోళీలకు. ఈ జ్వరంల అవి వేస్తే చానమందికి గట్లనే పేలుతది. ఆపేయండి. వైరస్‌కు గా మందు పనిచెయ్యది."

అక్కడిదాకా బాగానే ఉంది. వెంకటలక్ష్మి ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటే ఇంకా బాగుండేది.

"ఎట్లొచ్చిందమ్మీ వానికి?"

"ఉమ్మి తోని."

"ఏంది?"

"ఉమ్మి. ఎంగిలి. ఒకరి నోట్లకెళ్లి ఒకరి నోట్లకు. వచ్చి నెల దాటినంక బయటపడ్తది."

లోపలి గదిలోంచి యశ్వంత్, చావు తప్పిందన్న సంబరంలో బుద్ధి లేకుండా నవ్వాడు. "దీన్ని కిస్సింగ్ డిసీజ్ అంటారుమా!"

వెంకటలక్ష్మి లేచి నిలబడింది. ఆమెకు బాటిలు కనపడింది, ఆ మూతి, ఆ గడగడ. ఇన్నాళ్లూ కడిగిన గిన్నె, గొంతులోని బూడిద పొర, ఆ కంపు, అంతా ఈ పిల్ల నోట్లోంచి కొడుకు నోట్లోకి పోయినట్టు కళ్లకు కట్టింది.

"పెండ్లి కాకముందే ఇట్లా? ఊరందరి కఫం పిసికి, ఆ నోటితో నా కొడుకు నోట్లో..." మాట పూర్తి చేయలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "థూ! యాడన్నా పో. నా ఇంట్లో నిలబడొద్దు."

"అమ్మా!" అని యశ్వంత్ లేవబోయి కళ్లు తిరిగి మళ్లీ పడ్డాడు.

రసజ్ఞ మొహం ఎర్రబడింది. "సరే, పోత. ఒక్కటి జర ఇనండి ఆంటీ. కడుపు ఎడమదిక్కు..."

"ఇంగొక్క మాట మాట్లాడితే బాగుండదు."

తలుపు మొహం మీదే పడింది. వెంకటలక్ష్మి సోఫా మీద ఆ పిల్ల కూర్చున్న చోట డెట్టాల్ నీళ్లు చల్లి తుడిచింది. తర్వాత కొడుకు ఫోను తీసి వంటింటి అలమరలో పప్పు డబ్బా వెనక పెట్టింది. జబ్బు మనిషికి ఫోనెందుకని పైకి అంది.

మర్నాడు యశ్వంత్ జావ రెండు చెంచాలు తాగి ఇక చాలన్నాడు. పొట్ట నిండిపోయినట్టుందట. ఎడమ డొక్కలో ఏదో బరువుగా ఉందట. వెంకటలక్ష్మి చెయ్యి పెట్టి చూసింది. పక్కటెముకల కింద గట్టిగా, అంచుతో సహా, పీట చెక్కలా తగిలింది.

ఆమె మొహం వెలిగింది. వెలగదూ మరి! పేరు తెలియని రోగాల నడుమ ఆమెకు తెలిసిన రోగం దొరికింది. అది బల్ల. ప్రొద్దుటూరు పక్క పల్లెలో వాళ్ల అవ్వ చెప్పేది, జ్వరం ముదిరితే ఎడమ డొక్కలో బల్ల పెరుగుతుందని. చలిజ్వరాల కాలంలో పిల్లలకు బల్ల పెరిగితే, అవ్వ వేడి ఆముదం పోసి, బొటనవేళ్లతో ఒత్తి ఒత్తి అరగదీసేది. మాట వినని బల్లకు వాతలు కూడా పెట్టేది. ఆ పిల్లల్లో కొందరు బతికారు, కొందరు పోయారు. పోయినవాళ్లకు ఆయుష్షు లేదనుకునేవాళ్లు.

"ఆముదం వేడిచెయ్యే నీలమ్మా."

"ఎందుకమ్మా?"

"వీనికి బల్ల పెరిగింది. అరగదీస్తే ఆకలేస్తాది. ఆకలేస్తే జ్వరం అదే పోతాది."

నీలమ్మ గరిటెలో ఆముదం కాచింది, కాస్తూ అడిగింది. "గా డాక్టర్ పిల్లను అడుగరాదా?"

"ఆ పిల్ల పేరెత్తితే ఈ నూనె నీ మీద పోస్తా."

"పొయ్యి. నాకు కూడ మోకాళ్ల నొప్పులున్నయి."

యశ్వంత్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, బనియను పైకి నెట్టి, ఆముదం పోసింది. దద్దుర్లు తేలిన చర్మం మీద జిడ్డు మెరుస్తుంటే ఆమెకు మళ్లీ వెగటు పుట్టింది. పళ్లు బిగించి, రెండు బొటనవేళ్లూ ఎముకల కింద ఆనించి, ఒక్కసారి గట్టిగా తోసింది. వాడు కెవ్వుమన్నాడు.

"ఓర్చుకోరా. మొదట్లో అట్లే ఉంటాది."

"అమ్మా, వద్దు..."

తలుపు గంట మోగింది. నీలమ్మ వెళ్లింది. వెళ్లి, గట్టిగా అంది: "గా పిల్లనే వచ్చింది. తలుపు తీసిన. నన్నేమన్న అను!"

ఫోను చేస్తే ఎత్తని మనిషి కోసం రసజ్ఞ స్కానింగ్‌కి వేళ కూడా అడిగి పెట్టుకుని వచ్చింది. గదిలోకి రాగానే గరిటె చూసింది, జిడ్డు చూసింది, రెండోసారి ఆనుతున్న బొటనవేళ్లు చూసింది. ఒక్క అంగలో వచ్చి వెంకటలక్ష్మి మణికట్టు పట్టుకుని పక్కకు లాగేసింది.

ఆ చెయ్యి! వెంకటలక్ష్మికి ఒళ్లంతా జలదరించింది. "తియ్యి! నన్ను ముట్టొద్దు!"

"ముడ్త! ఇంకొక్కసారి ఒత్తితే చేతులు గట్టేస్త!" పిల్ల ఆ మణికట్టు వదల్లేదు. "పగుల్తది ఆంటీ! నిన్న గిదే చెప్పబోతుంటే తలుపేసిండ్రు. గది ప్లీహం, రక్తం వడపోసే చోటు, పిడికిలంత ఉండేది. గా టి కణాలన్నీ పొయి గండ్ల నిండితే ఉబ్బి ఇట్లయింది. నీళ్ల పాకెట్ తీరు పల్చగయితది. పగిలితే కడుపులనే రక్తం కారుతది, పైకి కనవడది. మనిషి పోతడు!"

యశ్వంత్ నెమ్మదిగా, "నాకు ఎడమ భుజం నొస్తాంది" అన్నాడు.

అంతే, రసజ్ఞ మొహంలో నెత్తురు చుక్క లేదు. డొక్కలో రక్తం కారితే నొప్పి ఆ భుజంలో తేలుతుందట. అంబులెన్సుకు ఫోను చేస్తూనే వాడి నాడి పట్టుకుంది. "లేవకు యశ్. దగ్గకు. ముక్కకు." వెంకటలక్ష్మి గోడకు ఆనుకుని తన బొటనవేళ్లు చూసుకుంది. ఆముదం కారుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. జీవితంలో ఎన్నో వస్తువులను చూసి అసహ్యపడింది గానీ, తన చేతులను చూసి అసహ్యపడటం ఆమెకు అదే మొదలు.

అంబులెన్సులో ముగ్గురూ కూర్చున్నారు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద బళ్లు కదలవు. ప్రతి కుదుపుకీ వెంకటలక్ష్మి ప్రాణం పోయి వస్తోంది. రసజ్ఞ నాడి వదల్లేదు. ఒకసారి యశ్వంత్ ఆమె చేతి మీదే పచ్చగా కక్కుకున్నాడు. వెంకటలక్ష్మి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం మరో చేతికి నాడి మార్చుకుని, మొదటి చేతిని తన దుపట్టాకే తుడుచుకుంది. లెక్క తప్పలేదు.

ఆస్పత్రిలో స్కానింగ్ గదిలోకి తల్లిని రానివ్వలేదు. బయట కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఒకామె చంటిదానికి బిస్కెట్టు నమిలి, మెత్తగా చేసి, వేలితో నోట్లో పెడుతోంది. వెంకటలక్ష్మి చూపు తిప్పుకోబోయి ఆగింది. కళ్లు ఆ వేలి మీదే నిలిచాయి.

తలుపు తెరుచుకుని రసజ్ఞ, ఆమె వెనకే తెల్లటి మీసాల పెద్దాయన వచ్చారు. ఆయనే వెంకటరామయ్య, స్లైడు చూసిన ఆయన. పిల్ల చెబితే కిందికి దిగి వచ్చినట్టున్నాడు.

"పగల్లేదండమ్మా," అన్నాడు, కూర్చోకుండానే. "బాగా పెరిగింది కానీ ఎక్కడా చీలిక లేదు, కడుపులో రక్తం లేదు. భుజం నొప్పి మీరు ఒత్తినదానికి కావచ్చు, పడుకున్న తీరుకూ కావచ్చు. ఇక్కడే ఉంచి కనిపెట్టి చూస్తామండి. మీరు ఇంకో నాలుగు ఒత్తులు ఒత్తి ఉంటే మనం ఇంత నిదానంగా మాట్లాడుకునేవాళ్లం కాదు."

వెంకటలక్ష్మి రెండు చేతులూ జోడించింది. జోడించిన చేతులు జిడ్డుగా అంటుకున్నాయి.

"సార్, ఒకటి అడగల్ల. నా బిడ్డను నేను ఎంగిలి తగలకుండా పెంచినా. నూరు మంది ఎంగిలి తిన్నోళ్లు బాగుండారు. వానికే ఎందుకు?"

ఆయన ఎదురుగా బిస్కెట్టు తింటున్న చంటిదాన్ని చూశాడు. "ఆ పాప ఉంది చూడండి. ఈపాటికి ఈ వైరస్ వచ్చే ఉంటుందండి. ఒకరోజు ముక్కు కారి ఉంటుంది, అంతే. చంటితనంలో వస్తే ఒళ్లు పెద్దగా గోల చేయదు. మనూళ్లలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి అలా వచ్చి, లోపల ఆ బి కణాల్లోనే ఓ మూల నిద్రపోతూ ఉంటుంది. టి కణాలు కాపలా ఉంటాయి. చిన్నప్పుడు తగలకుండా ఉండిపోయి, ఇరవై దాటాక మొదటిసారి తగిలిందనుకోండి, అప్పుడు లేచే సైన్యం ఇదిగో, ఇంత. మీవాడికి అదే జరిగింది."

"అంటే నాకూ..."

"ఉండే ఉంటుందండి. అప్పుడప్పుడు ఉమ్మిలోకి వస్తూ ఉంటుంది కూడా. మీకు తెలియదు."

వెంకటలక్ష్మికి నోరంతా చేదయింది. అవ్వ తమలపాకు నమిలిన నోటితోనే అన్నం నమిలి, ఎర్రగా ఉన్న ముద్ద తన నాలుక మీద పెట్టడం నిన్న జరిగినట్టు గుర్తొచ్చింది. ఎంత ఇష్టంగా తినేది తను! ఛీ. ఆ ముద్దలో వచ్చింది ఇన్నేళ్లుగా తన నోట్లోనే కాపురం ఉందన్నమాట. ఉమ్మేద్దామన్నా ఆస్పత్రిలో చోటు లేదు, మింగుదామన్నా గొంతు దిగడం లేదు.

రసజ్ఞ వంక చూడకుండా అడిగింది. "నీకూ ఉండాదా?"

"లేదాంటీ. మీరు నిన్న అన్నంక రక్తం ఇచ్చి చూపించుకున్న. కోపంల. నాకు ఇప్పటిదాంక రానే లేదు. మా అమ్మ గూడ మీ లెక్కనే, గ్లాసుల కాడ పంచాయితీ." పిల్ల నవ్వబోయి మానేసింది. "నాకు లేనిది నేనెట్ల ఇస్త?"

"మరి వానికి ఎవరిచ్చినారు?"

"ఎవరో. కేక్ కావచ్చు, బాటిల్ కావచ్చు. దొరకది. ఎతకకండి."

వెంకటలక్ష్మి ఆ మాట విని ఏదో లెక్క కట్టుకుంది. లేనిది ఇవ్వలేదు సరే, లేనివాళ్లకు తగిలితే? ఆమె చటుక్కున తల తిప్పి ఆ దుపట్టా చూసింది. దాని మీద వాంతి మరక ఎండుతోంది. ఆ చేతులు ఇంకా కడుక్కోలేదు.

"ఏమ్మీ! నీకు రాలేదంటాండావు. మరి వాడు కక్కుకున్న ఆ చేత్తోనే మొహం తుడుచుకుంటాండావే? బుద్ధుందా? డాక్టరువంట! లేయ్!"

"ఆంటీ, గంత తొందరగ..."

"లేయమంటే!"

మణికట్టు పట్టుకుంది. ఈసారి ఆమే పట్టుకుంది. వాష్‌బేసిన్ దగ్గరికి లాక్కుపోయి, కుళాయి తిప్పి, సబ్బు రుద్ది, ఆ పిల్ల వేళ్లూ, వేళ్ల సందులూ, గోళ్ల కిందా, చంటిపిల్లకు తోమినట్టు తోమింది. వెగటు తగ్గలేదు. ఆ వాసనకు మొహం అటు తిప్పుకునే తోమింది. తన ఆముదం, ఆ పిల్ల చేతి మురికి కలిసి నల్లగా తూములోకి పోతున్నాయి.

"దుపట్టా తియ్యి. ఇంట్లో నీలమ్మ ఉతకదు, నేనే నానేస్తా. వాని చెంచా, వాని బాటిలు, వాని కేకు, ఏదీ ముట్టొద్దు. ఎన్నాళ్లుంటాది ఉమ్మిలో?"

"నెలలు. ఆర్నెల్లు గూడ ఉండొచ్చు. ఆ తర్వాత గూడ అప్పుడప్పుడు వస్తది."

"థూ, దాని మొగం మండ."

అప్పుడే ఫోను మోగింది. శంకర్‌పల్లి నుంచి మొగుడు పెద్దన్న. నీలమ్మ ఏం చెప్పిందో ఏమో, వణికిపోతున్నాడు. వాడు బాగున్నాడు, బల్ల పగల్లేదు, క్యాన్సర్ కాదు అని మూడు ముక్కలు గబగబా చెప్పింది. ఆయన ఊపిరి పీల్చుకుని, పనిలో పనిగా, "మరి ఆ పిల్ల సంగతేం చేద్దాం? వద్దని చెప్పేద్దామా?" అన్నాడు.

"వద్దని ఎవరన్నారు? చేద్దాం. ఇప్పుడే కాదు. ఆర్నెల్లు పోనీ."

"ఆర్నెల్లా? ఎందుకే?"

వెంకటలక్ష్మి పక్కకు చూసింది. రసజ్ఞ చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, గాల్లో పెట్టుకుని నిలబడి వింటోంది.

"ఎందుకంటే..." అని ఆగి, మొహం వికారంగా పెట్టింది. "ఛీ! ఫోన్లో చెప్పే మాటలా అవి? నువ్వు ముందు ఈడికి రా. వచ్చేటప్పుడు మంచి సబ్బు పట్టుకరా, ఈడ సబ్బు నురగ కూడా రావడంల్యా."